పండగ మిఠాయి ప్రకటన: కొనేది అమెరికాలో, తినేది ఊళ్లో

విదేశాల్లోని పిల్లలు ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు పండక్కి మిఠాయిలు పంపించుకునే సేవల ప్రకటన మామూలు మిఠాయి కొట్టు ప్రకటన లాంటిది కాదు. ఇక్కడ ప్రకటన చదివి డబ్బు కట్టేది ఒకరు, పెట్టె విప్పి తినేది మరొకరు. కొనేవారికి సరుకు కంటికి కనిపించదు, రుచి తెలియదు. వారిని వెనక్కి లాగేవి ప్రధానంగా మూడు సందేహాలు: పండగలోపు చేరుతుందా, మా ఊరిదాకా వస్తుందా, అమ్మానాన్నలు తినగలిగేదేనా?

మొదటిది గడువు. భోగి జనవరి 14న వచ్చిన ఏడాది ‘9వ తేదీ రాత్రి 8 వరకు ఆర్డర్లు తీసుకుంటాం’ అని మాత్రమే రాస్తే చిక్కే. మన రాత్రి 8 గంటలంటే అప్పుడు న్యూయార్క్‌లో ఉదయం 9.30, కాలిఫోర్నియాలో ఉదయం 6.30. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఆర్డర్ పెట్టిన కాలిఫోర్నియా కొడుకుకు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందుకని కొనేవారి ఊరి సమయాన్నే ప్రకటనలో చెప్పాలి.

రెండోది చిరునామా. పల్లెటూళ్లలో ఒక పిన్‌కోడ్ కింద చాలా ఊళ్లుంటాయి. కొన్ని కొరియర్లు మండల కేంద్రం దాకా వచ్చి, అక్కడికి వచ్చి తీసుకెళ్లమని ఫోన్ చేస్తాయి. అప్పుడు కానుక కాస్తా పెద్దవాళ్లకు శ్రమ అవుతుంది. ‘రాష్ట్రమంతటా డెలివరీ’ అనడం కన్నా, ఏ ఊళ్లలో ఇంటికే తెచ్చిస్తారో, ఎక్కడ ఇవ్వలేరో చెప్పడం మేలు.

మూడోది మిఠాయి. కోవా, కలాకండ్ వంటి పాల మిఠాయిలు త్వరగా పాడవుతాయి. దూరపు ఊళ్లకు అరిసెలు, సున్నుండలు నయం. పూతరేకులు రేకు నలిగిపోకుండా గట్టి పెట్టెలో, తేమ తగలకుండా వెళ్లాలి. మధుమేహం ఉన్న తండ్రి కోసం వెతికే కూతురికి ‘బెల్లం పూతరేకులు, షుగర్ ఉన్నవారికి సురక్షితం’ అని చెబితే అది అబద్ధం. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

‘దూరమైనా ప్రేమ చేరుతుంది’ అనే వాక్యం ఈ మూడు సందేహాల్లో ఒక్కటీ తీర్చదు. దాని బదులు ఇలా రాయవచ్చు: ‘భోగికి ముందే నాన్నగారింటికి అరకిలో అరిసెలు, అరకిలో సున్నుండలు. న్యూయార్క్ సమయం 9వ తేదీ ఉదయం 9.30 లోపు, కాలిఫోర్నియా సమయం ఉదయం 6.30 లోపు ఆర్డర్ ఇవ్వండి. తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలో పెట్టె మీద ఉంటాయి. మీ ఊరి పిన్‌కోడ్, అమ్మానాన్నల ఫోన్ నంబరు ఇస్తే ఇంటికి తెచ్చిస్తామో లేదో డబ్బు కట్టకముందే చెబుతాం.’ ఇందులో ప్రేమ అన్న మాట లేకపోయినా, ఆర్డర్ పెట్టేవారికి కావలసిన సమాధానాలన్నీ ఉన్నాయి.