రొయ్యల కంటైనర్ కాగితాలు చదవడమెలా?

విశాఖపట్నం రేవు నుంచి ఒక కంటైనర్ రొయ్యలు అమెరికాకు బయల్దేరుతున్నాయనుకుందాం. ఎగుమతిదారు, క్లియరింగ్ ఏజెంటు, కొనుగోలుదారు మధ్య దాని కాగితాలు తరచుగా ఫొటోలుగానే తిరుగుతాయి. వాటిలో కీలకమైనవి రెండు. ఏ పెట్టెలో ఏముందో చెప్పేది ఎగుమతిదారు రాసే ప్యాకింగ్ లిస్టు. సరుకు అందిందని ఓడ కంపెనీ ఇచ్చేది బిల్ ఆఫ్ లేడింగ్.

ఫొటో మసకగా ఉంటే 9 కాస్తా 8లా కనిపిస్తుంది. అప్పుడు కంటిని నమ్మడం కన్నా గుణించి చూడటం మేలు. ప్యాకింగ్ లిస్టు ప్రకారం ఒక్కో కార్టన్‌లో రెండేసి పౌండ్ల ప్యాకెట్లు పది. అంటే 20 పౌండ్లు, కిలోల్లో 9.072. మొత్తం నికర బరువు 17,236.8 కిలోలని ఉంది. కార్టన్లు 1,900 అయితే లెక్క సరిగ్గా కుదురుతుంది. 1,800 అని చదివితే కార్టన్‌కు 9.576 కిలోలు పడుతుంది. తప్పు అక్కడే దొరికిపోతుంది.

బిల్ ఆఫ్ లేడింగ్‌లో మాత్రం బరువు 19,950 కిలోలని కనబడుతుంది. ఇది పొరపాటు కాదు. అక్కడ సాధారణంగా వేసేది స్థూల బరువు. రొయ్యలపై పూతలా ఉండే మంచు, ప్యాకెట్లు, అట్టపెట్టె కలిపి కార్టన్ 10.5 కిలోలు తూగుతుంది. ఖాళీ కంటైనర్ బరువు ఇందులో కలవదు. ఈ అంకెను చాలాసార్లు 19950.000 అని మూడు దశాంశాలతో అచ్చు వేస్తారు. ఫొటోలో చుక్క చెరిగితే అది దాదాపు రెండు కోట్ల కిలోలుగా మారిపోతుంది!

పేర్ల దగ్గర మరో చిక్కు. కన్‌సైనీ గడిలో కొనుగోలుదారు పేరే ఉండాలని లేదు. ‘టు ఆర్డర్’ అనో, ‘ఫలానా బ్యాంకు ఆర్డర్‌కు’ అనో ఉండొచ్చు. కొనుగోలుదారు పేరు దాని కింద నోటిఫై పార్టీ గడిలో ఉంటుంది. ఓడ వస్తోందని కబురు అందేది వారికి. అంతమాత్రాన సరుకు వారి చేతికి రాదు. బ్యాంకు ఆర్డర్‌కు రాసిన బిల్లు అయితే వెనుక బ్యాంకు సంతకం చేసి ఇవ్వాల్సిందే. ఈ రెండు గడులనూ కలిపి చదవకూడదు.

ఇన్‌వాయిస్ నంబరును చివరి అక్షరం దాకా చూడాలి. EXP/038/24-25లో చివరి భాగం ఫొటో అంచున తెగిపోతే మిగిలే 038 మరుసటి ఏడాదీ రావచ్చు. జీఎస్టీ నిబంధన ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు ఒక ఆర్థిక సంవత్సరంలో పునరావృతం కాకూడదంతే. అందుకే తేదీని కూడా పోల్చాలి.

లెక్కలన్నీ కుదిరినా ఒక పరిమితి ఉంది. సీలు వేసి వచ్చిన కంటైనర్‌లోని కార్టన్లను ఓడ కంపెనీ లెక్కపెట్టదు. బిల్లు మీద ‘సెడ్ టు కంటైన్’ అని ఉంటే ఆ సంఖ్య ఎగుమతిదారు చెప్పిందేనని అర్థం.

ఈ సరిచూపు బిల్లు డ్రాఫ్టుగా ఉన్నప్పుడే పూర్తిచేయండి. అసలు బిల్లు జారీ అయ్యాక ఒక్క అంకె మార్చాలన్నా దాన్ని వెనక్కిచ్చి, రుసుము కట్టాల్సి రావచ్చు.