గాంట్ చార్టులో సెమిస్టర్ ప్రాజెక్టు

1910ల్లో అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ ప్రచారంలోకి తెచ్చిన గాంట్ చార్టు గీయడానికి గళ్ల కాగితం చాలు. ఎడమవైపు పనులు, పైన వారాలు, ఒక్కో పనికి ఒక అడ్డపట్టీ.

ఇంజనీరింగ్ విద్యార్థులు నేల తేమను బట్టి మోటారు నడిపే పరికరం చేస్తున్నారనుకుందాం. సెమిస్టర్ 16 వారాలు. మొదటి 2 వారాలు అంశం ఖరారుకే పోతాయి. 3 నుంచి 5 దాకా విడిభాగాలు తెప్పించాలి. అవి వచ్చాకే 6, 7 వారాల్లో సర్క్యూట్ బిగించాలి. ప్రోగ్రాం 3 నుంచి 6 దాకా పక్కనే సాగుతుంది. 8వ వారం మిడ్ పరీక్షలు. ఆ గడిని ముందే కొట్టేయాలి, చాలామంది మరిచిపోయేది దీన్నే. 9 నుంచి 12 దాకా పొలంలో పరికరాన్ని పరీక్షించాలి. 13, 14 రిపోర్టుకు, 15 ఖాళీ, 16లో వైవా.

ఇక చదవడం. ప్రోగ్రాం ఒక వారం ఆలస్యమైనా ఫర్వాలేదు, సర్క్యూట్ ఎలాగూ 7వ వారం దాకా పడుతుంది. విడిభాగాలు ఆలస్యమైతే మాత్రం సర్క్యూట్ 7, 9 వారాలకు జరుగుతుంది. రిపోర్టు 15కు వెళ్తుంది. ఉన్న ఒక్క ఖాళీ వారమూ పోతుంది.

ప్రతి శనివారం ఆ వారం చివర నిలువు గీత గీసి, అయిన పని మేరకు పట్టీలు నింపాలి. 5వ వారం గీత దగ్గర ప్రోగ్రాం పట్టీలో 3 గడులు నిండి ఉండాలి. 2 మాత్రమే నిండితే వారం వెనకబడినట్టే. గడిచిన రోజులను బట్టి కాదు, పూర్తయిన పనిని బట్టే గడులు నింపండి.