అలల ఫుట్‌పాత్ ఏ దేశానిది?

తెల్లరాళ్ల మధ్య నల్లరాళ్లతో సముద్రపు అలల్లా వంపులు తిరిగిన చారలు. పక్కన ఒక చెట్టు మొదలు, కాస్త రోడ్డు. దుకాణం బోర్డు లేదు, కారు నంబరు కనిపించదు. ఇలాంటి వీధి ఫొటో చూపించి ఏ దేశమని అడిగితే చాలామంది బ్రెజిల్ అంటారు. రియో డి జనీరోలోని కోపకబానా బీచ్ అంతగా కళ్లకు అలవాటైంది. ఆ జవాబు సరైనదే కావచ్చు. కానీ అచ్చం అలాంటి అలలే మూడు ఖండాల్లో ఉన్నాయి. నమూనా ఒక్కటే చూసి దేశం చెప్పలేం. ఆ ఫుట్‌పాత్‌ను ఎవరి ఖర్చుతో, ఏ నిబంధన ప్రకారం వేశారో కూడా చూడాలి. ఆ సంగతి అతుకుల్లో, అంచుల్లో, బుడిపెల్లో కనిపిస్తుంది.

ఈ అలల పుట్టిల్లు పోర్చుగల్. లిస్బన్ నడిబొడ్డున ఉన్న రోసియో కూడలిలో 19వ శతాబ్దం నడుమ వీటిని పరిచారు. తర్వాత పోర్చుగీసువాళ్లతో పాటే ఈ పని సముద్రాలు దాటింది. 20వ శతాబ్దం తొలినాళ్లలో రియోకు చేరింది. 1970లో కోపకబానా తీరాన్ని వెడల్పు చేసినప్పుడు బ్రెజిల్ రూపశిల్పి బుర్లె మార్క్స్ సముద్రం వైపు బాటలో అలలను కొనసాగించి, భవనాల వైపు తెలుపు, నలుపు, ఎరుపు రాళ్లతో కొత్త ఆకృతులు వేయించారు. మకావులోని సెనాడో కూడలికి ఈ అలలు 1990ల్లో, ఆ ప్రాంతం చైనా చేతికి వెళ్లబోయే ముందు వచ్చాయి.

మరి మన ఫొటో ఈ మూడింటిలో ఏది? ముందు రాళ్లను దగ్గరగా చూడాలి. అసలైన పోర్చుగీసు పనిలో చిన్న చిన్న రాళ్లను సుత్తితో చెక్కి, ఇసుకలాంటి పొడి పరుపు మీద ఒక్కొక్కటిగా కూర్చుతారు. అందుకే ఏ రెండు రాళ్లూ ఒకేలా ఉండవు, సందులు తిన్నగా సాగవు. రాళ్ల ఆకారాలు కొంత దూరానికోసారి అచ్చుగుద్దినట్టు మళ్లీ మళ్లీ వస్తుంటే అది అచ్చు పోసిన కాంక్రీటు. దాన్ని ఏ దేశపు మాల్ ముందైనా వేసుకోవచ్చు కాబట్టి ఆధారంగా పనికిరాదు.

తర్వాత ఫుట్‌పాత్ పొడవునా చూపు సాగించాలి. బ్రెజిల్‌లో చాలా నగరాల్లో ఇంటి ముందున్న ఫుట్‌పాత్‌ను వేయించి, బాగుచేయించే బాధ్యత ఆ ఇంటి యజమానిది. అందువల్ల కోపకబానా లాంటి పేరున్న చోట్లు దాటి మామూలు వీధుల్లోకి వెళితే, ప్రహరీ గోడ మారిన చోటల్లా నేల కూడా మారుతుంది. ఒక ఇంటి ముందు రాళ్లు, పక్కింటి ముందు సిమెంటు, ఆ పక్కన టైల్స్. రెండు ఇళ్ల సరిహద్దు నేల మీద గీత గీసినట్టు తెలిసిపోతుంది. లిస్బన్‌లో ఆ పని నగరపాలక సంస్థది. ఇళ్లు మారినా నేల ఒకే తీరుగా సాగుతుంది.

ఇక అంచు రాయి. లిస్బన్ పాత వీధుల్లో ఇది లేత రంగు సున్నపురాయి. అడుగులు పడీ పడీ నున్నగా మెరుస్తుంటుంది. రియోలో ఎక్కువగా బూడిదరంగు గ్రానైట్ కనిపిస్తుంది. ఈ రెండు చోట్లా వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, మకావులో మనలాగే ఎడమవైపున. అంటే మన ఫొటోలో ఎడమ పక్కన నడుస్తున్న కారు వెనుకభాగం కనిపిస్తే పోర్చుగల్, బ్రెజిల్ రెండూ తప్పుకున్నట్టే.

అంచు రాయికి వేసే రంగు కొన్ని దేశాల్లో రాయి కంటే ఎక్కువ చెబుతుంది. మన ఊళ్లలో డివైడర్లకూ ఫుట్‌పాత్ అంచులకూ వేసే నలుపు తెలుపు పట్టీలు రాత్రిపూట అంచు కనిపించడానికే. పార్కింగ్ గురించి అవి ఏమీ చెప్పవు. ఇజ్రాయెల్‌లో రంగే నిబంధన. ఎరుపు తెలుపు పట్టీలుంటే బండి ఆపకూడదు, నీలం తెలుపు ఉంటే డబ్బు కట్టి నిలుపుకోవచ్చు. థాయిలాండ్‌లోనూ ఎరుపు తెలుపు పట్టీలు బండి ఆపొద్దనే చెబుతాయి. అందుకని ఎరుపు తెలుపు చూడగానే ఇజ్రాయెల్ అనకూడదు. ఇక్కడా వాహనాలు ఎటు నడుస్తున్నాయో చూడాలి. థాయిలాండ్‌లో ఎడమ, ఇజ్రాయెల్‌లో కుడి.

అన్నిటికంటే కచ్చితమైన ఆధారం చూపులేనివారి కోసం వేసే బుడిపెల పలకలు. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో కూడా ఇవి కనిపిస్తాయి. వీటిని 1965లో జపాన్‌కు చెందిన సెయిచి మియాకె రూపొందించారు. 1967 మార్చిలో ఒకాయామా నగరంలో, అంధుల పాఠశాల దగ్గర తొలిసారి వీధిలో పరిచారు. నిలువు చారల పలక ఇటు వెళ్లమంటుంది, బుడిపెల పలక ఆగి జాగ్రత్తపడమంటుంది. ఆ తర్వాత ఒక్కో దేశం తన కొలతలు, రంగులు, వేసే చోట్లు తానే నిర్ణయించుకుంది. ఆ తేడాలే మనకు పట్టు.

ముందు పట్టీ ఎంత దూరం సాగిందో చూడండి. జపాన్, దక్షిణ కొరియా, తైవాన్, చైనా నగరాల్లో అది ఫుట్‌పాత్ మధ్య వీధి పొడవునా సాగుతుంది. అమెరికాలో సాధారణంగా ఫుట్‌పాత్ రోడ్డులోకి దిగే వాలు దగ్గర మాత్రమే, సుమారు 60 సెంటీమీటర్ల లోతున ఉంటుంది. బ్రిటన్‌లో రంగుకూ అర్థం ఉంది. సిగ్నల్ లేదా జీబ్రా ఉన్న చోట ఎరుపు, అవి లేని చోట లేత గోధుమ రంగు. సిగ్నల్ దగ్గరి ఎర్ర పలకల నుంచి 1.2 మీటర్ల వెడల్పున ఒక తోక వెనక్కి, భవనాల వైపు సాగుతుంది. నడిచివచ్చే మనిషి కాలికి అది తగిలితే, దాని వెంట వెళ్లి రోడ్డు దాటే చోటును చేరుకుంటాడు.

ఒక ఫొటోను వరుసగా చదువుదాం. బూడిదరంగు ఇంటర్‌లాకింగ్ పలకల మధ్య పసుపు పట్టీ వీధి పొడవునా సాగింది. కాబట్టి బ్రిటన్, అమెరికా కావు, తూర్పు ఆసియా వైపు చూడాలి. మలుపు దగ్గరి ఒక పలకలో బుడిపెలు లెక్కపెడితే అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు, మొత్తం 36. జపాన్ 2001లో తెచ్చిన ప్రమాణం ప్రకారం 30 సెంటీమీటర్ల పలకలో ఉండేవి అయిదు వరుసల అయిదు, అంటే 25. అదే సైజు కొరియా పలకలో 36. అంటే కొరియా కావచ్చు. అయితే 2001కి ముందు జపాన్‌లో రకరకాల పలకలు వేశారు, వాటిలో కొన్ని ఇంకా ఉన్నాయి. కాబట్టి లెక్క ఒక్కటే చాలదు. ఫొటోలో కార్లు కుడివైపున వెళుతున్నాయి, జపాన్‌లోనైతే ఎడమవైపున వెళ్లాలి. ఈ రెండూ కలిస్తే జపాన్ కాదని ధైర్యంగా చెప్పొచ్చు.

కొన్నిసార్లు ఆధారం ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. బ్రిటన్‌లాంటి ఎర్ర పలకలు ఐర్లాండ్‌లోనూ ఉన్నాయి, అక్కడా వాహనాలు ఎడమవైపే నడుస్తాయి. ఫుట్‌పాత్ తప్ప ఇంకేమీ లేని ఫొటో అయితే ఆ రెండు దేశాల్లో ఒకటని చెప్పి ఊరుకోవడమే నిజాయితీ. కానీ దేశం తేలకపోయినా కాలం తేలొచ్చు. బుడిపెల పలక కనిపించిన వీధి ఫొటో ఏదైనా సరే, 1967కు ముందుది మాత్రం కాదు.