పది మేకలు, ఒక పోతు.. వాటికి ఎత్తైన కొట్టం

జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు మెట్ట రైతులు మేకలు పెంచుదామనుకోగానే మొదట ఆలోచించేది ఎన్ని కొనాలన్న సంగతే. రెండెకరాల భూమి, ఇంట్లో మేపే మనిషి ఒకరు ఉన్న రైతుకు 10 ఆడమేకలు, 1 పోతు చాలు. ఒకేసారి 40, 50 కొన్నవారికి మొదటి వానాకాలంలోనే చిక్కులు వస్తాయి. ఏ మేక పారుకుంటోందో, ఏ తల్లి పిల్లకు పాలివ్వడం లేదో కనిపెట్టేలోపే రోగం మందంతా పాకుతుంది. పది మేకలైతే ప్రతిదాన్నీ రోజూ చూడవచ్చు. వాటి పిల్లలతోనే మంద పెంచుకోవచ్చు.

మాంసానికి ఏ జాతి?

సంతలో చెవులు వేలాడే పొడవాటి మేకను చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ మాంసం కోసం పెంచేవారు లెక్క చూడాల్సింది ఒక్క మేక ఎత్తు కాదు. ఒక తల్లి ఏడాదిలో అమ్మకానికి ఎన్ని కిలోల పిల్లలనిచ్చింది అన్నదే లెక్క. పెద్ద జాతి తల్లి ఒక్క పిల్లను ఈని, అది 25 కిలోలు పెరిగిందనుకుందాం. నాటు తల్లి రెండు పిల్లలను ఈని, ఒక్కోటి 16 కిలోలే పెరిగినా మొత్తం 32 కిలోలు. పైగా నాటు తల్లి తినే మేత తక్కువ.

జమునాపారి ఉత్తరప్రదేశ్‌లోని ఎటావా ప్రాంతపు జాతి. పాలకు మంచిదే గాని మేత బాగా కావాలి, మన మెట్ట ఎండలకు, ముళ్ల పొదల మేతకు అంతగా తట్టుకోదు. బ్లాక్ బెంగాల్ మేకలు రెండు, మూడు పిల్లలు పెడతాయి, కానీ శరీరం చిన్నది. మన పడమటి సరిహద్దుకు అచ్చంగా సరిపోయేది ఉస్మానాబాదీ. 2023లో ధారాశివ్‌గా పేరు మారిన మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా దీని పుట్టిల్లు. ఎక్కువగా నల్లగా ఉంటుంది. పెరిగిన ఆడమేక 30 కిలోల పైచిలుకు తూగుతుంది. కవలలు ఈనడం మామూలే. కరువు మేతకు అలవాటు పడిన జాతి. అది దొరకనిచోట ఊళ్లోని మంచి నల్ల నాటు మేకలను ఏరి, వాటిపైకి ఉస్మానాబాదీ పోతును కట్టినా సరిపోతుంది.

కొనేటప్పుడు నోరు తెరిచి చూడాలి

కింది దవడ ముందువైపు అన్నీ చిన్న పాలపళ్లే ఉంటే ఆ మేకకు ఇంకా ఏడాది నిండనట్లే. రెండు పెద్ద పళ్లు వస్తే ఏడాదింబావు నుంచి ఏడాదిన్నర, నాలుగు వస్తే రెండేళ్లు దాటే వయసు. రెండు, నాలుగు పళ్ల మేకలనే కొనాలి. ఎనిమిది పళ్లూ వచ్చి అరిగినదాన్ని చవకగా ఇస్తామన్నా వద్దు. పొదుగును చేత్తో తడిమితే మెత్తగా ఉండాలి, గడ్డలు తగలరాదు. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో పురుగులు రక్తం పీలుస్తున్నాయన్న మాట. తోక కింద పేడ అంటుకుని ఉన్నా, ముక్కు కారుతున్నా అక్కడే వదిలేయాలి. పోతుకు వృషణాలు రెండూ సమానంగా ఉండాలి. కవలల్లో పుట్టినదైతే మరీ మంచిది.

వీలైతే సంతలో కాక, ఒకరిద్దరు పెంపకందారుల మందల నుంచే కొనాలి. పది మందల మేకలు కలిసే సంతలో పారుడు రోగం, అంటే పి.పి.ఆర్., అంటుకునే ప్రమాదం ఎక్కువ. ఆ రోగం సోకిన మేక నాలుగైదు రోజులు పైకి మామూలుగానే కనిపిస్తుంది. తర్వాత జ్వరం, ముక్కు కళ్ల వెంట నీరు, నోట్లో పుండ్లు, విరేచనాలు మొదలవుతాయి. అందుకే తెచ్చిన మేకలను 21 రోజులు ఊరి మందలో కలపకుండా విడిగా ఉంచాలి. ఈలోగా పశువైద్యశాలలో పేడ పరీక్ష చేయించి పురుగుల మందు తాగించాలి. పి.పి.ఆర్. టీకా వేయించాలి, దాని రక్షణ మూడేళ్లు ఉంటుంది. చిటుక రోగం టీకాను ఏటా తొలకరికి ముందే వేయించాలి. మేకలు కొనడానికి వానలు వెనకబట్టిన రోజులు మేలు. మేత ఉంటుంది, నేల ఆరి ఉంటుంది.

కొట్టం నేల ఎత్తులోనే ఉంది కిటుకు

మేక చలికి, ఎండకు ఓర్చుకుంటుంది గాని తడికి ఓర్చుకోదు. ఉచ్చ, పెంటికలు కలిసిన తడి నేలమీద పడుకున్న పిల్లలకు నెల దాటగానే రక్తపారుడు, రొప్పు పట్టుకుంటాయి. అందుకని మేకలు పడుకునే నేలను కర్ర బద్దలతో భూమికి 3 నుంచి 4 అడుగుల ఎత్తున కట్టాలి. కింద మనిషి వంగి పెంటికలు ఊడ్చుకునేంత ఎత్తు ఉండాలి.

బద్దలు మూడు, నాలుగు అంగుళాల వెడల్పు, అంగుళం పైన మందం ఉండాలి. గుండ్రటి వెదురు మీద గిట్టలు జారతాయి, కోసిన తుమ్మ లేదా జామాయిల్ కర్ర నయం. బద్దకూ బద్దకూ మధ్య సందు అర అంగుళం చాలు. అంతకన్నా ఎక్కువైతే పిల్లల కాళ్లు ఇరుక్కుని విరుగుతాయి, తక్కువైతే పెంటికలు కిందికి రాలవు. నెలలోపు పిల్లలుండే చోట పొడి గోనె సంచి పరిచి రోజూ ఎండలో ఆరేయాలి.

ఇక కొలతలు. ఆడమేకకు 10 చదరపు అడుగులు, పోతుకు 20కి పైగా, పిల్లకు 4 చొప్పున స్థలం కావాలి. మన పది మేకల మందకు 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు కొట్టం సరిపోతుంది. అందులో 10 అడుగుల పొడవు ఆడమేకలకు, 6 అడుగులు పిల్లలకు వదలాలి. మిగిలిన 4 అడుగుల్లో పోతుకు 6 అడుగుల గది, ఈనే మేకకు 4 అడుగుల మూల అడ్డుకట్టితే చాలు. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే సాయంత్రపు ఎండ పొట్టి గోడ మీదే పడుతుంది. చూరు రెండడుగులు బయటికి దించితే జల్లు లోపలికి రాదు. పైకప్పుకు తాటాకు గాని పెంకు గాని వాడితే వేడి తగ్గుతుంది.

చుట్టూ గోడ మూసేయరాదు. కర్రలు సందులు పెట్టి కొట్టి, వాన కొట్టే వైపు మాత్రం గోనె పట్టాలు వేలాడదీయాలి. గాలి చాలుతోందో లేదో తెలుసుకోవాలంటే తెల్లవారుజామున లోపలికి వెళ్లి మేక తల ఎత్తున కూర్చోవాలి. కళ్లు మండితే గాలి చాలనట్లే. సుబాబుల్, అవిశ కొమ్మలను కట్టగట్టి మేక మూతి ఎత్తున కట్టాలి. నేలమీద వేస్తే తొక్కిన మేతను మేక ముట్టదు, ముట్టినా పురుగుల గుడ్లు కడుపులోకి పోతాయి.

లాభం ఎక్కడ తేలుతుంది?

పదింటిలో తొమ్మిది మేకలు చూడి కట్టి, ఐదు నెలలకు ఐదింటికి కవలలు, నాలుగింటికి ఒక్కొక్కటి పుడితే 14 పిల్లలు. రెండు పోయినా 12 మిగులుతాయి. మూడు ఆడపిల్లలను మందకు ఉంచుకుంటే 9 అమ్మకానికి వస్తాయి. అదే తడి నేల వల్ల ఆరు చస్తే, మూడు ఉంచుకోగా అమ్మడానికి మిగిలేది 5. మేపిన కష్టం మాత్రం అంతే. పుట్టిన గంటలోపు పిల్లకు ముర్రుపాలు తాగించడం, నాలుగు నెలలు దాటిన పోతుపిల్లలను తల్లులకు దూరంగా కట్టడం, రెండేళ్లకోసారి పోతును మార్చడం మరవరాదు. పోతును మార్చకపోతే తన కూతుళ్లనే దాటి, పిల్లలు బక్కగా పుడతాయి. చేతిలో డబ్బు పది మేకలకే ఉంటే, ఎనిమిదే కొని మిగిలింది కొట్టం బద్దలకు పెట్టడం మేలు.