మీకు తెలుసా? నారాయణపక్షి ఎగరడానికి ఎనిమిది బొమ్మలు చాలు

టూడీ యానిమేషన్‌లో ఎగిరే పక్షిని ప్రతి ఫ్రేముకీ కొత్తగా గీస్తూ కూర్చోరు. రెక్క ఒకసారి కిందికి దిగి మళ్లీ పైకి వచ్చేదాకా ఎన్ని బొమ్మలు కావాలో అన్నే గీసి, వాటినే తిప్పి తిప్పి చూపిస్తారు. దీన్నే ఫ్లైట్ సైకిల్ అంటారు. చెరువు గట్ల మీద ఒంటికాలిపై నిలబడే నారాయణపక్షి, అంటే బూడిదరంగు కొంగ, దీనికి మంచి ఉదాహరణ. నింపాదిగా ఎగురుతుంది కాబట్టి రెక్కలో ఏ భాగం ఎప్పుడు కదులుతుందో కంటికే తెలుస్తుంది.

ఈ సైకిల్ వయసు సినిమా కంటే ఎక్కువ

ఫ్రెంచ్ శరీరశాస్త్రవేత్త ఎటియెన్ జూల్ మారే 1882లో తుపాకీ ఆకారంలో ఒక కెమెరా తయారుచేశాడు. పక్షికి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కితే సెకనుకు 12 ఫొటోలు తీసేది. తర్వాత ఆయన సముద్రపు కాకి ఎగిరే భంగిమలను వరుసగా చిన్న శిల్పాలుగా చేయించి, జోట్రోప్ అనే చీలికల డబ్బాలో గుండ్రంగా అమర్చి తిప్పాడు. డబ్బా తిరిగినంతసేపూ పక్షి ఎగురుతూనే ఉండేది. ల్యూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్టు పెట్టి సినిమా చూపించింది 1895 చివర్లో; ఇది అంతకు ముందటి మాట.

ఆ 12 అనే అంకె యానిమేటర్లకు బాగా పరిచయం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు చాలు. చేతితో గీసే యానిమేషన్‌లో ఎక్కువ భాగం ఈ లెక్క మీదే నడుస్తుంది.

ప్రతి పక్షికీ ఈ లెక్క కుదరదు

హమ్మింగ్‌బర్డ్ జాతుల్లో కొన్నిటి రెక్కలు సెకనుకు 50 సార్లకు పైనే ఆడతాయి. ఉన్నవి 24 ఫ్రేములే. అందుకే దాని రెక్కను గీయరు, మసక మరకగా పూస్తారు. పిచ్చుకలాంటి చిన్న పక్షికి పైన ఒక బొమ్మ, కింద ఒక బొమ్మ వేసి ఫ్రేముకొకటి చొప్పున మారుస్తారు. వంపులూ ఈకల ఊపూ చూపించే తీరిక పెద్ద పక్షుల దగ్గరే దొరుకుతుంది. నారాయణపక్షి నిజంగా సెకనుకు రెండు సార్లకు అటూ ఇటూగా రెక్క ఆడిస్తుంది. తెర మీద మాత్రం దాన్ని ఇంకాస్త నిదానం చేసి, ఒక చుట్టుకు 16 ఫ్రేములు, అంటే ఎనిమిది బొమ్మలు ఇస్తే దాని పెద్దరికం కనిపిస్తుంది. శాస్త్రం కొంచెం తగ్గినా నాకు ఇదే నచ్చుతుంది.

దిగేటప్పటి బొమ్మల్ని వెనక్కి తిప్పితే ఎక్కడం కాదు

కొత్తగా నేర్చుకునేవాళ్లకు వెంటనే తట్టే ఉపాయం ఇది. రెక్క దిగే బొమ్మలు గీసి, పైకి వెళ్లడానికి వాటినే తిరగేసి పెడతారు. పని సగం తగ్గుతుంది, పక్షి మాత్రం కీలుబొమ్మ అయిపోతుంది.

దిగే రెక్క పూర్తిగా చాచుకుని గాలిని కిందికీ వెనక్కీ నెడుతుంది, కొన మాత్రం ముందుకు వస్తూ దిగుతుంది. ఎక్కే రెక్కకు గాలి అడ్డు తగలకూడదు కాబట్టి మణికట్టు దగ్గర మడుచుకుని, ఒంటికి దగ్గరగా, కొంచెం వెనకగా పైకి వస్తుంది. పక్కనుంచి చూస్తే రెక్క కొన గీసే దారి ఒకే గీత మీద పైకీ కిందికీ ఉండదు, కోలగా చుట్టు తిరుగుతుంది. మడిచిన రెక్క బొమ్మలో పొట్టిగా పడాలి. ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది: రెక్క మధ్యలో బయటికి పొడుచుకొచ్చి కనిపించే మడత మోచెయ్యి కాదు, మణికట్టు. అసలు మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఈకల్లో దాగి ఉంటుంది. దీన్ని తప్పుగా గీస్తే మడత ఎక్కడ పెట్టినా రెక్క విరిగినట్టే ఉంటుంది.

మన ఎనిమిది బొమ్మల్లో మణికట్టు 1లో అన్నిటికన్నా పైన, 6లో అన్నిటికన్నా కింద ఉంటుంది. 1 నుంచి 6 దాకా దిగడానికి ఐదు అడుగులు, 6 నుంచి మళ్లీ 1కి ఎక్కడానికి మూడు. దిగేటప్పుడు గాలిని నెట్టాలి, అది బరువైన పని, అందుకు ఎక్కువ సమయం. మడిచిన రెక్క చటుక్కున లేస్తుంది. చాలామంది యానిమేటర్లు ఈ తేడా పాటిస్తారు. ఇది పెట్టగానే బొమ్మకు బరువు వస్తుంది.

వంపు సరిగ్గా వచ్చిందో లేదో చూడడానికి ఒక పరీక్ష ఉంది. ఎనిమిది కాగితాలూ లైట్ టేబుల్ మీద ఒకదానిపై ఒకటి పెట్టి, ప్రతి బొమ్మలోనూ రెక్క కొన మీద ఎర్ర చుక్క పెట్టి కలపండి. కంప్యూటర్‌లో అయితే ఆనియన్ స్కిన్ చాలు. చుట్టులోంచి ఏ చుక్క బయటికి తొలిగిందో ఆ బొమ్మ దగ్గరే రెక్క ఉలిక్కిపడుతుంది.

ఈకలు ఎప్పుడూ ఒక బొమ్మ వెనకే

కదలిక భుజంలో మొదలై మోచేతికి, మణికట్టుకు, చివర్న పెద్ద ఈకల కొనలకు చేరుతుంది. అందుకే మణికట్టు 1లో పైకి చేరినా ఈకల కొనలు 2లో గానీ చేరవు. అప్పటికి మణికట్టు దిగడం మొదలుపెట్టేసి ఉంటుంది. 3, 4 బొమ్మల్లో చాచిన రెక్క కొనలు గాలి ఒత్తిడికి పైకి వంగుతాయి. 6లో మణికట్టు అడుగుకు చేరితే కొనలు 7లో చేరతాయి. ఆ తర్వాత మణికట్టు లేస్తుంటే అవి కిందికి వాలి దాని వెంట ఈడ్చుకొస్తాయి.

ఒక బొమ్మ ఆలస్యం చాలు. ఎనిమిది బొమ్మల చుట్టులో రెండు మూడు బొమ్మలు ఆలస్యం చేస్తే రెక్క తడి తువ్వాలు దులిపినట్టు ఆడుతుంది, లోపల ఎముక ఉందన్న నమ్మకం పోతుంది.

రెక్క దిగితే ఒళ్లు లేస్తుంది

చాలామంది తడబడేది ఇక్కడే. రెక్కతో పాటు ఒంటినీ కిందికి దించేస్తారు. నిజానికి జరిగేది తలకిందులు. రెక్క గాలిని కిందికి తోసినప్పుడు ఒళ్లు పైకి లేస్తుంది. రెక్క మడిచి ఎత్తుకునేటప్పుడు మోసే బలం తగ్గి ఒళ్లు కొంచెం జారుతుంది. ఈ ఊపుకూ ఒక బొమ్మ ఆలస్యం ఇవ్వాలి: ఒళ్లు 2లో అన్నిటికన్నా కింద, 7లో అన్నిటికన్నా పైన. ఎంత ఊపాలి అంటే, తీరుగా ఎగిరే కొంగకు ఒంటి మందంలో మూడో వంతు దాటకపోతే మంచిదని నా లెక్క. నేల మీంచి బరువుగా లేచేటప్పుడు అంతకు రెట్టింపు ఇచ్చినా చెల్లుతుంది.

తల మాత్రం ఒంటితో పాటు అంతగా ఊగదు. చూపు నిలకడగా ఉండాలని పక్షి మెడే ఆ ఊపును చాలావరకు మింగేస్తుంది. నారాయణపక్షి ఎగిరేటప్పుడు మెడను మడిచి భుజాల్లోకి లాక్కుంటుంది. బొమ్మ బొమ్మకీ ఆ మడత కాస్త బిగుస్తూ, కాస్త సడలుతూ ఉంటే చాలు. మెడ ముందుకు చాచి ఎగిరేది సారస కొంగ. ఈ రెండింటినీ కలిపేసిన కార్టూన్లకు కొదవలేదు. వెనక్కి చాచిన కాళ్లు ఒంటి ఊపును ఇంకొక బొమ్మ ఆలస్యంగా అందుకుంటాయి.

తొమ్మిదో బొమ్మ గీయకూడదు

ఎనిమిదో బొమ్మ తర్వాత వచ్చేది మళ్లీ ఒకటో బొమ్మే. మొదటి భంగిమకు తిరిగి చేరాలని తొమ్మిదోది కూడా గీసి చేరిస్తే ఒకే భంగిమ నాలుగు ఫ్రేములు నిలిచిపోతుంది, ప్రతి చుట్టుకూ రెక్క పైన ఒకసారి ఎక్కిళ్లు పెడుతుంది.

గుంపుకు ఒకే సైకిల్ సరిపోదు

ఒక్క సైకిల్‌నే ఐదు కొంగలకు అతికిస్తే ఐదింటి రెక్కలూ కవాతు చేస్తాయి. ఒకటి 1వ బొమ్మతో, ఇంకొకటి 4తో, మరొకటి 6తో మొదలుపెడితే కొంత నయం. అప్పుడు కూడా వాటి మధ్య ఎడం ఎప్పటికీ మారదు, చూసే కన్ను దాన్ని పట్టేస్తుంది. కాబట్టి కొన్ని పక్షులకు ఒక బొమ్మ తగ్గించి 14 ఫ్రేముల సైకిల్ వేరుగా గీస్తారు. 16 ఫ్రేముల పక్షీ 14 ఫ్రేముల పక్షీ ఒకేసారి మొదలైతే మళ్లీ రెండింటి రెక్కలూ కలిసి పైకి లేచేది 112 ఫ్రేముల తర్వాత, అంటే దాదాపు నాలుగున్నర సెకన్లకు. చాలా షాట్లు ఆలోపే అయిపోతాయి.