బుజ్జి కంచానికి ఎంత బియ్యం?

ఇంట్లో పాతికమందికి వంట అనుకోగానే ముందు తేల్చేది బియ్యం లెక్క. "పెద్దవాళ్ళం పద్నాలుగుమందిమి, పిల్లలు పదిమంది. పిల్లల్ని ఇద్దరికి ఒకరు చొప్పున వేసుకుందాం వదినా" అని ఎవరో ఒకరు అంటారు. అందరూ సరేనంటారు. తప్పు అక్కడే జరుగుతుంది. రెండేళ్ళ పాపా, పద్నాలుగేళ్ళ కుర్రాడూ "పిల్లలు" అన్న ఒకే పద్దులోకి వెళ్ళిపోతారు. పాపకి ఆ సగం వాటా ఎక్కువ, కుర్రాడికి తక్కువ.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం, ఏడాది నుంచి మూడేళ్ళ మధ్య పిల్లలకి రోజుకి సుమారు 1,010 కిలోకేలరీలు కావాలి. ఒంటికి పెద్దగా శ్రమలేని పని చేసే మగవాళ్ళకి 2,110, ఆడవాళ్ళకి 1,660. అంటే రోజు మొత్తానికి చూస్తే పసివాళ్ళు పెద్దల్లో సగం తింటారనే మాట నిజమే. కానీ పెద్దలు ఆ తిండిని మూడు పూటల్లో తింటారు. పసివాళ్ళ పొట్ట చిన్నది కాబట్టి అయిదారు సార్లుగా తింటారు. 1,010ని అయిదుతో భాగిస్తే విడతకి సుమారు 200 వస్తుంది. 2,110ని మూడుతో భాగిస్తే పూటకి 700. ఒక్క భోజనం వరకే చూస్తే పసివాడు తినేది పెద్దాయన తినేదాంట్లో పావు పైచిలుకు. విందులో పెద్దలు మామూలుకన్నా ఎక్కువే తింటారు కాబట్టి పావు అనుకోవచ్చు.

అదే పట్టికలో 13-15 ఏళ్ళ అబ్బాయికి రోజుకి 2,860 కిలోకేలరీలని ఉంది. అంటే ఆఫీసులో కూర్చుని పనిచేసే వాళ్ళ నాన్నకన్నా ఎక్కువ. అంతటి వాడికి అర విస్తరి లెక్క కట్టడం అన్యాయం.

ఇప్పుడు సంక్రాంతికి ఒక ఇంట్లో ఇరవైనలుగురు కలిశారనుకుందాం. పెద్దలు పద్నాలుగుమంది, పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలు నలుగురు, ఆరేడేళ్ళవాళ్ళు ఇద్దరు, మూడేళ్ళలోపువాళ్ళు నలుగురు. పప్పు, వంకాయ కూర, పులిహోర, గారెలు, సాంబారు, పరమాన్నం, పెరుగు ఉన్న భోజనానికి, పులిహోరతో కలిపి మనిషికి 125 గ్రాముల బియ్యం సరిపోతాయి. పెద్దలకి పద్నాలుగు వాటాలు. ఎదిగే పిల్లలకి ఒకటింబావు చొప్పున అయిదు. ఆరేడేళ్ళవాళ్ళకి అర చొప్పున ఒకటి. పసివాళ్ళకి పావు చొప్పున ఒకటి. మొత్తం 21 వాటాలు, అంటే రెండు కిలోల ఆరువందల గ్రాముల పైచిలుకు. ఇద్దరికి ఒకరు పద్ధతిలో 19 వాటాలే వచ్చేవి. పావుకిలో బియ్యం తగ్గేవి. ఆ లోటు చివరి బంతిలో కూర్చునే ఆడవాళ్ళ విస్తట్లో బయటపడేది.

పసివాళ్ళు నలుగురూ కలిసి ఒక పెద్దమనిషి భోజనమే తింటున్నారని గమనించండి. బియ్యం డబ్బా దగ్గర వాళ్ళ వాటా చాలా చిన్నది. అసలు ప్రణాళిక వేసుకోవాల్సింది వాళ్ళకి ఏది, ఎప్పుడు పెట్టాలన్న దానికి.

విందు అన్నం పొడిపొడిగా వండుతారు. ఏడాదిన్నర పాపకి అది నమలడం కష్టం. అందుకే ఆ నలుగురి అన్నం విడిగా ఒక చిన్న కుక్కర్లో పెట్టడం మేలు. 120 గ్రాముల బియ్యం, 40 గ్రాముల పెసరపప్పు, వాటికి నాలుగింతల నీళ్ళు. మెత్తగా ఉడికాక తలా ఒక చెంచా నెయ్యి, మెత్తగా మెదిపిన సొరకాయో క్యారెట్టో రెండు చెంచాలు. ఒక్కొక్కరికి ముప్పావు కప్పు వస్తుంది. రెండో ఏడు నడుస్తున్న పిల్లలకి పూటకి 250 మిల్లీలీటర్ల కప్పులో ముప్పావు నుంచి నిండు కప్పు దాకా పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత కూడా ఇదే. అందరికీ వండిన కందిపప్పే పెడదామంటే, ఉప్పూ కారం వేయకముందే, పోపు పెట్టకముందే ఒక గిన్నెలోకి తీసి పెట్టుకోవాలి. పెద్దవాళ్ళకి రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలంటారు. మూడేళ్ళలోపు పిల్లలకి బ్రిటన్ ఆరోగ్య శాఖ పెట్టిన హద్దు 2 గ్రాములు. సాంబారు, పచ్చడి, అప్పడం తిన్న పూటే ఆ హద్దు దాటిపోతుంది.

పులిహోర ఇష్టంగా తినే పిల్లలుంటారు. రెండు చెంచాలు పెట్టండి, కానీ వేరుశనగ గుళ్ళు, వేయించిన శనగపప్పు ఏరేశాకే. నాలుగేళ్ళలోపు పిల్లలకి గుండ్రంగా, గట్టిగా ఉండే పలుకు గొంతుకి అడ్డుపడే ప్రమాదం ఉంది. గుగ్గిళ్ళు, ద్రాక్షపళ్ళు కూడా అంతే. ద్రాక్షని నిలువునా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి. గారె పావు ముక్క చాలు, అదీ పెరుగులో నానినది.

ఇక వేళ. మన ఇళ్ళలో విందు భోజనం ఒంటిగంటకి అనుకుంటే రెండు దాటుతుంది. అప్పటిదాకా పసివాడు ఆగలేడు. పదకొండుకే ఏడుపు మొదలవుతుంది, ఒక అత్త అరిసె ముక్క పెడుతుంది, ఒక బాబాయి బిస్కెట్ ఇస్తాడు, అమ్మమ్మ పాలు పడుతుంది. రెండింటికి కంచం ముందు కూర్చోబెడితే నోరు తెరవడు. "వీడు ఏమీ తినడమ్మా" అని అందరూ తల్లిని అడగడం మొదలుపెడతారు. పిల్లాడు తినకపోవడం కాదు, 200 కేలరీల విడత అప్పటికే అయిపోయింది. అదీ తీపితో. అందుకే వాళ్ళ గిన్నె పన్నెండుకల్లా సిద్ధం కావాలి. పెద్దలు తినేటప్పుడు పక్కన కూర్చుని రెండు మెతుకులు కెలుక్కుంటే చాలు. తల్లికి కూడా ఆ బంతిలోనే స్థిమితంగా తినే వీలు దొరుకుతుంది. నా మట్టుకు నాకు ఈ ముందస్తు గిన్నెకి ఇదే పెద్ద కారణం.

మూడు, నాలుగు గంటల మధ్య పసివాళ్ళకి మళ్ళీ ఆకలి వేస్తుంది. దానికి పొద్దున్నే అరడజను అరటిపళ్ళు, పిల్లల కోసం ఒక అరలీటరు తాజా పెరుగు పక్కన పెట్టుకోవాలి. సగం పండు ఒక విడతకి సరి. కొంచెం పెరుగన్నమైనా పెట్టొచ్చు, కానీ మధ్యాహ్నం వండి బయట వదిలేసిన అన్నంతో కాదు. వండిన అన్నం రెండు గంటలకు మించి గది వేడిలో ఉంటే అందులో వాంతులు తెప్పించే సూక్ష్మజీవులు పెరగొచ్చు, మళ్ళీ వేడిచేసినా వాటి విషం పూర్తిగా పోదు. పిల్లల వాటా వార్చగానే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదా ఆ పూటకి గుప్పెడు కొత్తగా వండుకోవాలి.

వడ్డించేటప్పుడు ముప్పావు కప్పూ ఒకేసారి కంచంలో పెట్టక్కర్లేదు. ఏడాదికొక పెద్ద చెంచా అన్నది తేలికైన కొలత. రెండేళ్ళ పాపకి అన్నం రెండు చెంచాలు, కూర రెండు చెంచాలు. అయిపోతే మళ్ళీ వడ్డించొచ్చు. మొదటి ఏడాదిలో బరువు మూడింతలైన బిడ్డ రెండో ఏడాదిలో రెండు, రెండున్నర కిలోలే పెరుగుతుంది. దాంతో ఆకలి కూడా తగ్గుతుంది. బంధువులందరి మధ్య అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తల తిప్పేసినా, పెదాలు బిగించినా, చెంచా తోసేసినా కడుపు నిండిందని అర్థం. అక్కడితో ఆపాలి.

వంటవాళ్ళకి అప్పజెప్పేటప్పుడు కూడా "పిల్లలు పదిమంది" అని ఊరుకోకుండా వయసులవారీగా చెప్పండి. పన్నెండేళ్ళు దాటినవాళ్ళని నిండు విస్తళ్ళలో వేయించి, మూడేళ్ళలోపువాళ్ళకి విస్తరి లెక్క వద్దని, దానికి బదులు కారం లేని పప్పు ఒక గిన్నె, మెత్తటి అన్నం ఒక గిన్నె పన్నెండింటికల్లా ఇవ్వమని అడగండి.