గంజి ఎప్పుడు వేయాలి?

చేపలు, రొయ్యల చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వింక్లర్ పద్ధతిలో కొలిచేవారు చివరకు లెక్కగట్టేది అయోడిన్‌ను. లెక్కగట్టేది సోడియం థయోసల్ఫేట్‌తో. ల్యాబుల్లో దాన్ని హైపో అంటారు.

చిక్కంతా ఈ హైపోతోనే. లీటరుకు 24.8 గ్రాములు తూచి కలిపి, సీసా మీద 0.1 నార్మల్ అని రాసినంత మాత్రాన బలం అంతే ఉండదు. పొడి గాలికి స్ఫటికాల్లోని నీరు పోతుంది. కలిపి ఉంచిన ద్రావణాన్ని బాక్టీరియా పాడుచేస్తుంది, ఆమ్లం తగిలితే గంధకం విడిపోయి ద్రావణం తెల్లబడుతుంది. అందుకే దాని బలాన్ని పొటాషియం డైక్రోమేట్‌తో తేల్చుకుంటారు. ఇది స్వచ్ఛంగా దొరుకుతుంది, ఓవెన్‌లో ఆరబెట్టి తూచితే ఆ బరువును నమ్మవచ్చు.

ఆరిన డైక్రోమేట్ 1.2258 గ్రాములను 250 మి.లీ. నీటిలో కరిగిస్తే సరిగ్గా 0.1 నార్మల్ వస్తుంది. అందులో 25 మి.లీ. పిపెట్‌తో తీసి, రెండు గ్రాముల పొటాషియం అయోడైడ్, కొంచెం ఆమ్లం కలిపి, మూత పెట్టి ఐదు నిమిషాలు చీకటిలో ఉంచాలి. ఒక్కో డైక్రోమేట్ అయాన్‌కు మూడు అయోడిన్ అణువులు విడుదలై ద్రావణం ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. తరవాత నీళ్లు బాగా కలిపి పలచన చేస్తారు. ఆమ్లం ఘాటు తగ్గకపోతే హైపో చెడుతుంది, గాలి కూడా అయోడైడ్‌ను అయోడిన్‌గా మార్చేస్తుంది.

ఇక బ్యూరెట్ నుంచి హైపో దిగేకొద్దీ గోధుమరంగు విరిగి పసుపులోకి వస్తుంది. అడుగున క్రోమియం ఆకుపచ్చ ఉంటుంది కాబట్టి ఆ పసుపు ఎక్కడ పోయిందో కంటికి తెలియదు. ఆ కొసమెరుపును పట్టించేది గంజి. స్టార్చ్‌లోని అమైలోజ్ గొలుసు చుట్టుమెట్లలా మెలిక తిరిగి ఉంటుంది. అయోడిన్ ఆ మెలిక లోపల వరసగా దూరితే ముదురు నీలం పుడుతుంది.

అయోడిన్ దండిగా ఉన్నప్పుడే గంజి వేస్తే మెలికలు కిక్కిరిసిపోతాయి, గంజి ముద్దకడుతుంది. లోపల ఇరుక్కున్న అయోడిన్ హైపోకు తొందరగా చిక్కదు. ఎండ్ పాయింట్ వచ్చేసినా నీలం పోదు. చేసేవారు ఇంకా పోస్తూనే ఉంటారు. పసుపు లేతబడ్డాక ఒకటి రెండు మి.లీ. గంజి వేస్తే, ఉన్న కాస్త అయోడినూ వెంటనే బయటికొచ్చి, ఒక్క చుక్కతో నీలం పోయి లేత ఆకుపచ్చ తేలుతుంది.

ఉదాహరణకు నిజమైన రీడింగ్ 24.6 మి.లీ. అనుకుందాం. 25ను 0.1తో గుణించి 24.6తో భాగిస్తే బలం 0.1016 నార్మల్. గంజి తొందరపడి వేసి 25.0 దాకా పోస్తే లెక్క 0.1000 అని చూపిస్తుంది. సీసా మీది అంకెతో కలిసిపోయింది కనుక అనుమానమే రాదు. మూడుసార్లు చేసి చూస్తే మాత్రం రీడింగులు ఒకదానికొకటి కుదరవు.

నీలం పోయిన వెంటనే తిరిగి వస్తే చీకటిలో ఉంచిన సమయం చాలలేదని అర్థం. కొన్ని నిమిషాల తరవాత వస్తే అది గాలి పని, దాన్ని పట్టించుకోనక్కరలేదు.